సి షిఫ్ట్‌లో నాలుగింటికి ముంచుకొచ్చే నిద్ర, నాలుగో రోజుకి వచ్చే ఏడుపు: ఒంట్లోని గడియారం సంగతి

ప్రశ్న: సర్, దువ్వాడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌ని. వయసు 34. ఒక వారం సి షిఫ్ట్, అంటే రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా. తర్వాతి వారం బి, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10. ఆ తర్వాత ఏ, ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2. ఆదివారం ఆఫ్. ఆరేళ్లుగా ఇదే. సి షిఫ్ట్‌లో తెల్లవారుజామున నాలుగింటికి ప్యానెల్ ముందు కళ్లు మూసుకుపోతాయి. బండి మీద గోపాలపట్నం వచ్చి 8కి పడుకుంటే 12కే మెలకువ వచ్చేస్తుంది. నాలుగో రోజుకి పిల్లల మీద అరుస్తున్నాను, ఊరికే ఏడుపొస్తోంది. ఆఫ్ రోజున అయితే అలారం లేకుండా 7కి లేస్తాను. ఇన్నేళ్లయినా ఒళ్లు ఎందుకు అలవాటు పడదు? ఏం చేయాలి?

సమాధానం:

ఆరేళ్లే కాదు, ఇరవై ఏళ్లు చేసినా మీ రోస్టర్‌కి ఒళ్లు అలవాటు పడదండి. రాత్రి పనికి శరీరం సర్దుకోవడం మొదలుపెట్టేసరికి మీ వారం అయిపోతుంది. మళ్లీ రెండు వారాల తర్వాత సి షిఫ్ట్ వచ్చినప్పుడు శరీరం మొదటి మెట్టు మీదే ఉంటుంది. ఈ ఊరి ఫ్యాక్టరీల్లో డాక్టరుగా చాలా ఏళ్లు షిఫ్ట్ వాళ్లనే చూశాను. "నా ఒంట్లోనే ఏదో లోపం ఉంది, మిగతా వాళ్లకి లేని బాధ నాకే" అనుకుని కుమిలిపోయేవాళ్లు ఎంతమందో. మీరు రాసినవి మూడూ, అంటే నాలుగింటి నిద్ర, పన్నెండింటి మెలకువ, నాలుగో రోజు ఏడుపు, ఒకే కారణం నుంచి వస్తున్నాయి. అది అర్థమైతే ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

మెదడు అడుగు భాగంలో, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలుసుకునే చోటుకి కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఉంటుంది. దాని పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. మన జీవగడియారం అదే. ఎప్పుడు నిద్ర రావాలి, ఒంటి వేడి ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు తగ్గాలి, ఒంటిని రాత్రి నిద్రకి సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ ఎప్పుడు ఊరాలి అన్నది అదే నడిపిస్తుంది. బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా వదిలేస్తే ఈ గడియారం తిరిగే రోజు సరిగ్గా 24 గంటలు ఉండదు. సగటు మనిషిలో 24 గంటల మీద ఇంకో పది నిమిషాలు ఉంటుంది. ఆ తేడాని రోజూ సరిచేసేది వెలుతురు. కంటి వెనక పొరలో ఈ పనికోసమే ప్రత్యేకంగా కొన్ని కణాలున్నాయి. వాటికి బొమ్మలు చూడటంతో పెద్దగా పని లేదు, వెలుతురు ఎంత ఉందో కొలిచి గడియారానికి చెబుతాయి. నీలం రంగు కలిసిన వెలుతురుకి, అంటే పగటి ఆకాశం లాంటి వెలుతురుకి, బాగా స్పందిస్తాయి.

ఈ గడియారానికి మీ డ్యూటీ చార్టు తెలియదు. దానికి తెలిసింది సూర్యుడు. విశాఖలో అది ఇంకా సూటిగా పనిచేస్తుంది. మన దేశపు ప్రామాణిక కాలాన్ని లెక్కగట్టే రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. కాబట్టి ఇక్కడ గోడ గడియారానికీ సూర్యుడికీ తేడా సగటున మూడు నాలుగు నిమిషాలే. జూన్‌లో ఐదున్నర కాకముందే పొద్దు పొడుస్తుంది. మీ సి షిఫ్ట్ ఇంకా అరగంట మిగిలుండగానే కిటికీలోంచి పగలు లోపలికొచ్చేస్తుంది.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. అలారం లేకుండా మెలకువ వచ్చే సమయానికి రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి అన్నిటికంటే తక్కువకి దిగుతుంది. మీరు 7కి లేస్తారు కాబట్టి మీకు ఆ సమయం ఇంచుమించు నాలుగున్నర. ఈ సమాధానం మొత్తంలో ముఖ్యమైనది ఈ ఒక్క సమయమే. దీన్ని "అడుగు వేళ" అందాం. ఆ వేళకి అటూ ఇటూ గంటన్నర పాటు చురుకుదనం, గుర్తు, నిర్ణయం తీసుకునే వేగం, చివరికి మనసులోని ఉత్సాహం కూడా అట్టడుగున ఉంటాయి. మీరు కళ్లు మూసుకుపోతున్నాయన్న సమయం సరిగ్గా అదే.

దీనికి తోడు ఇంకో లెక్క నడుస్తుంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ, నిద్ర ఒత్తిడిని పెంచుతుంటుంది. నిద్రపోతేనే అది తగ్గుతుంది. మామూలు రోజుల్లో సాయంత్రానికి ఈ ఒత్తిడి పెరిగినా, గడియారం పంపే మెలకువ సంకేతం దాన్ని కాచుకుంటుంది. రాత్రయ్యాక ఆ సంకేతం తగ్గుతుంది, మనం పడుకుంటాం. సి షిఫ్ట్ మొదటి రోజున మీరు సోమవారం ఉదయం 7కి లేచి, పగలు కునుకు తీయకుండా డ్యూటీకి వెళ్లారనుకోండి. మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకి మీరు లేచి ఇరవై ఒకటిన్నర గంటలు. ఒత్తిడి తారస్థాయిలో ఉంటుంది, గడియారం అట్టడుగున ఉంటుంది, రెండూ ఒకే గంటలో కలుస్తాయి. 17 గంటలు వరసగా మెలకువగా ఉంటే చేతి-కంటి పనితనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1997లో కొలిచి చూపించారు. మన దేశంలో బండి నడిపేవాళ్లకి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. చుక్క తాగకుండానే మీరు ఆ హద్దు దాటిన స్థితిలో ప్యానెల్ ముందు కూర్చుంటున్నారు. తర్వాత హైవే మీద, పోర్టు లారీల మధ్య, బండి నడుపుతున్నారు. నాకు అన్నిటికంటే భయం వేసింది మీ ఉత్తరంలోని ఆ బండి దగ్గరే.

పన్నెండింటికి మెలకువ ఎందుకొస్తుందో ఇప్పుడు తేలిగ్గా చెప్పొచ్చు. ఎనిమిదింటికి మీరు అలసటతో పడుకుంటారు, నిద్ర వెంటనే పడుతుంది. నాలుగు గంటల్లో ఒత్తిడి సగానికి పైగా తీరిపోతుంది. ఈలోగా గడియారం తన లెక్క ప్రకారం ఒంటి వేడిని పెంచుతూ, "పగలైంది, లే" అన్న సంకేతాన్ని గంటగంటకీ గట్టిగా పంపుతుంటుంది. పన్నెండింటికి ఆ సంకేతం గెలుస్తుంది. అందుకే నిద్ర చాలకపోయినా మళ్లీ పట్టదు. కుక్కర్ విజిల్, పక్కింటి కాలింగ్ బెల్, మే నెల ఉక్కపోత ఆ మెలకువని ఇంకాస్త ముందుకు లాగుతాయి. అవేవీ లేని నిశ్శబ్దమైన చల్లటి గదిలో పడుకోబెట్టినా, గడియారం జరగని మనిషి పగటి పూట ఆరు గంటలు నిద్రపోవడం కష్టమే.

మీకు ఏడు గంటలు కావాలి, నాలుగే దొరుకుతున్నాయి. రోజుకి మూడు చొప్పున మూడు పగళ్లకి తొమ్మిది గంటల అప్పు. నాలుగో రోజున ఇంట్లో మీరు అరిచింది ఆ అప్పు మోస్తున్న మెదడుతో.

సరే, గడియారాన్ని జరపలేమా? జరపొచ్చు, కానీ రోజుకి గంట, మహా అయితే గంటన్నర. అది కూడా వెలుతురు సరైన వేళలో పడితేనే. మీకు ఉపయోగపడే సూత్రం ఒకటే. అడుగు వేళకి ముందు కంట్లో పడే వెలుతురు గడియారాన్ని వెనక్కి జరుపుతుంది, అంటే మర్నాడు అన్నీ ఆలస్యంగా జరుగుతాయి. అడుగు వేళ దాటాక పడే వెలుతురు ముందుకు లాగుతుంది, అంటే అన్నీ త్వరగా జరుగుతాయి. రాత్రి పనికి మీకు కావలసింది ఆలస్యం. అడుగు వేళ నాలుగున్నర నుంచి ఆరుకి, ఏడుకి జరగాలి. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు, కంట్రోల్ రూమ్ లైట్లు మామూలుగా రెండు మూడు వందల లక్స్ ఉంటాయి. అవి కొద్దికొద్దిగా ఆలస్యం వైపు తోస్తాయి. ఆరింటికి మీరు గేటు దాటి బయటికొస్తారు. ఎండ కాస్త పైకొచ్చాక ఆరుబయట వెలుతురు వేల లక్స్‌లో ఉంటుంది. కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా మీరు వచ్చేది తూర్పు వైపుకి, సూర్యుడు ఎదురుగా. అడుగు వేళ దాటిన గంటన్నరకి, సరిగ్గా గడియారాన్ని ముందుకి లాగే సమయంలో, అరగంటకి పైగా ఆ వెలుతురు తాగుతూ వస్తారు. రాత్రంతా జరిగిన కాస్తంత ఆలస్యాన్ని ఆ ప్రయాణం చెరిపేస్తుంది. మర్నాటి రాత్రి అడుగు వేళ మళ్లీ నాలుగున్నరకే. ఆరేళ్లుగా మీకు జరుగుతున్నది ఇదే.

అయితే గడియారాన్ని పూర్తిగా రాత్రి మనిషిగా తిప్పేయమని నేను చెప్పను. ఆరు రాత్రుల కోసం అంత తిప్పితే, తిరిగి మామూలుకి రావడానికి చాలా రోజులు పడుతుంది. మీలాంటి వారం రోస్టర్‌కి నా సలహా, అడుగు వేళని రెండున్నర, మూడు గంటలు జరిపి అక్కడ ఆపండి. వారం మధ్యకి అది ఏడింటికి చేరితే, నాలుగింటికి ప్యానెల్ ముందు కాస్త తేరుకుంటారు, పగటి నిద్ర గంట గంటన్నర పొడుగవుతుంది. షికాగోలో షార్మేన్ ఈస్ట్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం శాశ్వతంగా రాత్రి పని చేసేవాళ్లకోసం ఇలాంటి మధ్యేమార్గాన్నే పరీక్షించింది. వాళ్లు ఇంకా ఎక్కువ, ఉదయం పది దాకా జరిపారు. మీకు అంత అక్కర్లేదు.

దీన్ని మీ వారానికి అన్వయిస్తే ఇలా ఉంటుంది. సోమవారం ఉదయం ఎంత వీలైతే అంత ఆలస్యంగా లేవండి. మధ్యాహ్నం భోజనం అయ్యాక రెండున్నర నుంచి నాలుగు, నాలుగున్నర దాకా గది చీకటి చేసుకుని పడుకోండి. చాలామంది ఈ కునుకుని రాత్రి ఏడున్నరకి, డ్యూటీకి బయలుదేరే ముందు తీయాలని చూస్తారు. నిద్ర రాక విసిగిపోతారు. మామూలు నిద్రవేళకి రెండు మూడు గంటల ముందు గడియారం మెలకువ సంకేతాన్ని రోజంతటిలోకీ గట్టిగా పంపుతుంది. అప్పుడు పడుకున్నా పట్టదు. మధ్యాహ్నం అయితే సహజంగానే ఒక జోగు వస్తుంది, దాన్ని వాడుకోవాలి. ఈ ఒక్క గంటన్నర నిద్రతోనే మొదటి రాత్రి నాలుగున్నరకి ఉండే ఒత్తిడి బాగా తగ్గుతుంది.

డ్యూటీ ఎక్కాక 10 నుంచి 3 దాకా వీలైనంత వెలుతురులో ఉండండి. షిఫ్ట్ ఇన్‌చార్జి ఒప్పుకుంటే మీ టేబుల్ మీద తెల్లటి ఎల్ఈడీ దీపం, ముఖానికి ఎదురుగా, ప్యానెల్ స్క్రీన్ మీద మెరుపు పడకుండా పెట్టుకోండి. టీ కూడా ఈ గంటల్లోనే. ఒకేసారి పెద్ద గ్లాసు తాగే బదులు, గంటన్నరకోసారి చిన్న కప్పు తాగితే మేలు. తెల్లవారుజామున రెండు దాటాక ఆపేయండి. కెఫీన్ సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నాలుగింటికి తాగిన స్ట్రాంగ్ కాఫీ తొమ్మిదింటికి మీ పక్కలో మీతో పాటు ఉంటుంది.

మూడు దాటాక టేబుల్ దీపం ఆర్పేయండి. గదిలోని మామూలు లైట్లు మాత్రం తగ్గించొద్దు, అలారంలు చూడాల్సిన చోట చీకటి ప్రమాదం. రెండున్నర ప్రాంతంలో 20 నిమిషాల కునుకు చాలా ఉపకారం చేస్తుంది. కానీ మన ఫ్యాక్టరీల్లో డ్యూటీలో నిద్ర అంటే క్రమశిక్షణ చర్య. కాబట్టి అనుమతి, ప్యానెల్ దగ్గర రిలీవర్, రెండూ ఉంటేనే తీయండి. 20 నిమిషాలు దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక మత్తు వదలదు. తక్కువే పడుకున్నా, లేచిన పావుగంట దాకా ఏ వాల్వ్ మీదా చేయి వేయకండి.

ఇక ఆరింటి సంగతి. ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీన్ని చాలామంది చెప్పరు. అడుగు వేళని నాలుగున్నర నుంచి ఏడు వైపుకి జరిపితే, ప్యానెల్ మీది నిద్ర రోడ్డు మీదికి వస్తుంది. మొదటి రెండు రోజుల్లో ఆరింటికల్లా కాస్త తేరుకున్నట్టు ఉండేవారు, గురువారానికి గేటు దాటగానే తూగుతారు. కాబట్టి ఈ పద్ధతి పాటించాలనుకుంటే సి షిఫ్ట్ వారం మొత్తం బండి ఇంట్లోనే ఉండాలి. కంపెనీ బస్సో, ఆర్టీసీ బస్సో, షేర్ ఆటోనో ఎక్కండి. బస్సులో అయితే నల్ల కళ్లద్దాలు, పైన టోపీ పెట్టుకుని, కిటికీకి దూరంగా కూర్చోండి. బండి మీద మాత్రం, నిద్రమత్తులో నల్ల కళ్లద్దాలతో నడపడం ఇంకా ప్రమాదం. బస్సు దొరకని రోజున కళ్లద్దాలు వద్దు, గడియారం సంగతి వదిలేయండి. క్యాంటీన్‌లోనో రెస్ట్ రూమ్‌లోనో అరగంట కునుకు తీసి, మత్తు వదిలాకే బయలుదేరండి. కనురెప్పలు బరువెక్కడం కంటే ముందే తెలిసే గుర్తు ఒకటుంది. దాటొచ్చిన సిగ్నల్ గుర్తు లేకపోవడం. "షీలానగర్ ఎప్పుడు దాటానో తెలియలేదు" అని అనిపించిందంటే మీ మెదడు క్షణాల పాటు నిద్రపోయి లేచినట్టే. అక్కడే బండి పక్కకి ఆపండి.

ఇంటికొచ్చాక కాలయాపన చేయకండి. ఏడున్నరకల్లా పక్క మీద ఉండాలి. పిల్లల్ని స్కూలుకి దింపడం ఈ వారం ఇంకెవరైనా చూడాలి. ఎందుకంటే అది ఇంకో అరగంట ఎండ. కిటికీకి కర్టెన్ చాలదు, అట్టముక్కో మందపాటి నల్ల గుడ్డో అంచులతో సహా మూసేయండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, అత్యవసరమైతే తలుపు తట్టమని ఇంట్లో చెప్పండి. పన్నెండింటికి మెలకువ వచ్చినా లేచి బయటికి రావద్దు, చీకట్లోనే ఓ అరగంట పడుకోండి. అయినా నిద్ర రాకపోతే లేచి పనులు చూసుకుని, సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో మళ్లీ గంటన్నర పడుకోండి. రెండు విడతల నిద్రని తక్కువ నిద్రగా లెక్కపెట్టకండి, మొత్తం ఎంతన్నదే ముఖ్యం. పొద్దున్నే నిద్ర కోసం మద్యం తాగే అలవాటు కొందరిలో చూశాను. అది త్వరగా పడుకోబెడుతుంది, రెండు మూడు గంటల తర్వాత నిద్రని ముక్కలు చేస్తుంది. మీకు ఉన్న పన్నెండింటి మెలకువని పదింటికి తెస్తుంది. మెలటోనిన్ బిళ్లలు పగటి నిద్రని కొందరికి కొంచెం పొడిగిస్తాయి. వేళ తప్పితే గడియారాన్ని తప్పు వైపుకి జరుపుతాయి, కాబట్టి డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టొద్దు.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? రాత్రి ప్రతి గంటకీ మీ నిద్రమత్తుకి 1 నుంచి 9 లోపు ఒక అంకె వేయండి. 1 అంటే పూర్తి చురుకు, 9 అంటే నిద్రతో పోరాటం. నిద్ర పరిశోధనలో వాడే కరోలిన్‌స్కా కొలబద్ద ఇదే. మొదటి రాత్రి మీ పెద్ద అంకె నాలుగు, నాలుగున్నర దగ్గర పడుతుంది. అది బుధవారానికి ఐదున్నర వైపుకి, శుక్రవారానికి డ్యూటీ అయ్యాకకి జరిగితే గడియారం కదులుతున్నట్టు. వారమంతా నాలుగున్నర దగ్గరే నిలబడిపోతే పొద్దుటి వెలుతురు ఎక్కడో కంట్లో పడుతోంది. ముందుగా ఆ ప్రయాణాన్నే అనుమానించండి.

మీ ఏడుపు, చిరాకు గురించి విడిగా చెప్పాలి. మనసు బాగుండటం, బాగోకపోవడం కూడా ఈ గడియారంతో పాటే ఎక్కిదిగుతుంది. అడుగు వేళలో మెలకువగా ఉన్న ఎవరికైనా లోకం చీకటిగానే కనిపిస్తుంది. నిద్ర చాలని మెదడులో భయం, కోపం పుట్టించే భాగం అతిగా స్పందిస్తుంది. దాన్ని అదుపులో పెట్టాల్సిన ముందు భాగం పట్టు సడలుతుంది. పిల్లాడు పెన్సిల్ పారేస్తే మీకు అంత కోపం రావడానికి కారణం అది. మీరు చెడ్డ తండ్రి కాదు.

దీంట్లో తిండికి కూడా పాత్ర ఉంది, ఇది కొత్తగా తెలిసిన విషయం. బోస్టన్‌లో సారా చెల్లప్ప, ఫ్రాంక్ షీర్ బృందం 19 మందిని ప్రయోగశాలలో రాత్రి డ్యూటీ లాంటి పరిస్థితిలో ఉంచింది. కొందరికి రాత్రీ పగలూ తిండి పెట్టారు, కొందరికి పగలు మాత్రమే. రాత్రి కూడా తిన్నవాళ్లలో దిగులు 26 శాతం, ఆందోళన 16 శాతం పెరిగింది. పగలే తిన్నవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. 2022లో వచ్చిన ఈ ఫలితం చిన్న గుంపు మీద, ప్రయోగశాలలో తేలింది. దీన్నే మందు అనుకోకూడదు. కానీ పాటించడం తేలిక, నష్టం లేదు. కాలేయం, క్లోమం కూడా తమ గడియారాల్ని తిండి వేళని బట్టి తిప్పుకుంటాయి. ఒంటిగంటకి క్యాంటీన్‌లో ప్లేటు నిండా అన్నం, కూర తింటే అవి ఒక దిక్కుకి, మెదడు ఒక దిక్కుకి వెళ్తాయి. కాబట్టి భోజనం బయలుదేరే ముందు ఎనిమిదింటికల్లా ముగించండి. రాత్రి మరీ ఆకలేస్తే ఒక అరటిపండో గ్లాసు మజ్జిగో చాలు. ఇంటికొచ్చాక రెండు ఇడ్లీలు తిని పడుకోండి. షుగర్ మందులో ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం ఈ మార్పు సొంతంగా చేయకూడదు.

ఏది షిఫ్ట్ దిగులు, ఏది జబ్బు అని తేల్చడానికి నేను చూసేది బి షిఫ్ట్ వారం. అప్పుడు మీకు ఎనిమిది గంటల రాత్రి నిద్రకి వీలుంటుంది. ఆ వారం మధ్యకల్లా పిల్లలతో మళ్లీ సరదాగా ఉండగలిగితే, తిండి రుచిగా అనిపిస్తే, కారణం షిఫ్టే. అలాకాకుండా బాగా నిద్రపోయిన రోజుల్లో కూడా దిగులు వదలక, ఏ పనిమీదా ఆసక్తి లేక, రెండు వారాలు దాటిందంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం వేరే ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి. టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి నేరుగా వెళ్లొచ్చు. ఇంట్లో మీ గురక గట్టిగా ఉందని, మధ్యలో ఊపిరి ఆగుతోందని అంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. అది ఉన్నవాళ్లకి పైన చెప్పినవేవీ సరిగా పనిచేయవు, ముందు దానికి పరీక్ష చేయించాలి. ఫిట్స్, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకి నిద్ర తెగడమే జబ్బుని రెచ్చగొడుతుంది. వాళ్లకి రాత్రి డ్యూటీ నుంచి మినహాయింపు అడిగే హక్కు ఉండాలని నా గట్టి అభిప్రాయం, అలాంటి సర్టిఫికెట్లు నేను వెనుకాడకుండా ఇచ్చాను.

సి నుంచి బికి మారడం మీకు పెద్ద కష్టం కాదు. ఆదివారం ఆరింటికి డ్యూటీ దిగి, రెండు మూడు గంటలే పడుకుని లేవండి, ఆ రాత్రి ఒంటిగంటకి పడుకోండి. బి వారం మొదట్లో మీ అడుగు వేళ ఇంకా ఆరు, ఏడు దగ్గరే ఉంటుంది. అందుకని సోమ, మంగళవారాల్లో తొమ్మిదిన్నర దాకా ఎండలోకి రావద్దు. ముందే వస్తే ఆ వెలుతురు అడుగు వేళకి ముందో, దాని మీదో పడి గడియారాన్ని ఇంకా ఆలస్యం చేయొచ్చు. బుధవారం నుంచి రోజుకి ముప్పావుగంట ముందు లేస్తూ, లేవగానే అరగంట ఎండలో నడవండి. సి వారంలో దాక్కున్న ఎండే ఇప్పుడు మీకు మందు. ఎందుకంటే అసలు కష్టం ముందుంది. ఏ షిఫ్ట్‌కి నాలుగున్నరకి లేవాలి. బి డ్యూటీ శనివారం రాత్రి 10కి దిగి, సోమవారం ఉదయం 6కి ఏ డ్యూటీ ఎక్కాలి. మధ్యలో 32 గంటలే, గడియారాన్ని మూడు గంటలు ముందుకు లాగడానికి అది చాలదు. ముందుకు లాగడం వెనక్కి జరపడం కంటే ఎవరికైనా కష్టమే, ఎందుకంటే మన సొంత రోజు 24 గంటల కంటే కాస్త పొడవు. బుధవారం నుంచి మొదలుపెడితే వారం చివరికి రెండు గంటలైనా కలిసొస్తుంది.

ఇక్కడ తప్పు మీ రోస్టర్‌ది. సి, బి, ఏ అని తలకిందులుగా తిరిగే వరసలో రెండు మార్పులు గడియారాన్ని ముందుకి లాగమంటాయి. ఏ, బి, సి అని తిరిగితే రెండు మార్పులు సహజంగా జరిగే వైపే ఉంటాయి. ఏ నుంచి బికి, బి నుంచి సికి మధ్య 48 గంటల విరామం దొరుకుతుంది. అందులో కూడా సి నుంచి ఏకి మారేటప్పుడు 24 గంటలే మిగులుతాయి, కాబట్టి ఆఫ్‌ని అక్కడ రెండు రోజులు చేయించుకోవాలి. అమెరికాలోని యూటాలో ఒక పొటాష్ ఫ్యాక్టరీలో చార్లెస్ జైస్లర్ బృందం ఇలాగే వరస తిప్పి, ప్రతి షిఫ్ట్‌ని వారం నుంచి మూడు వారాలకి పెంచి చూసింది. కార్మికుల తృప్తి, ఆరోగ్యం, ఉత్పత్తి మెరుగయ్యాయని 1982లో ప్రచురించారు. వరస తిప్పడానికైతే మనుషుల సంఖ్య పెంచాల్సిన పని లేదు, చార్టు మారిస్తే చాలు. మీ సేఫ్టీ కమిటీ సమావేశంలో దీన్ని రాతపూర్వకంగా పెట్టించండి. మీ ఒక్కరి బాధగా కాకుండా, మూడు నెలల పాటు మీ బ్యాచ్ అంతా గంటగంటకీ వేసుకున్న ఆ 1 నుంచి 9 అంకెల కాగితాలు జతచేయండి. నాలుగింటికి ప్యానెల్ ముందు అందరి అంకె 8 దగ్గర ఉందని కనిపిస్తే, ఏ మేనేజరూ దాన్ని సోమరితనం అని కొట్టిపారేయలేడు.